ఫాస్ట్ బౌలర్ మ్యాచ్ రోజు భోజనం: ముందు రోజు మధ్యాహ్నం నుంచి మరుసటి ఉదయం దాకా

ప్రశ్న: నాకు 19 ఏళ్లు. మాది గుంటూరు. బరువు 64 కిలోలు, ఫాస్ట్ బౌలర్‌ని. మా 50 ఓవర్ల మ్యాచ్‌లు ఎక్కువగా మూలపాడులో ఉదయం 9 గంటలకు మొదలవుతాయి కాబట్టి ఇంటి దగ్గర 6:30కే బయలుదేరాలి. ముందు రోజు రాత్రి స్నేహితులతో బిర్యానీ తింటాను. పొద్దున ఏమీ తినబుద్ధి కాక టీ తాగి బయలుదేరి, దారిలో పూరీ గానీ పెసరట్టు ఉప్మా గానీ తింటాను. మొదటి స్పెల్‌లో కడుపు బరువుగా ఉంటుంది, ఆఖరి ఓవర్లకు వచ్చేసరికి పిక్కలు పట్టేస్తాయి. వరుసగా రెండు రోజులు మ్యాచ్‌లుంటే రెండో రోజు కాళ్లు కదలవు. ఏమి తినాలో, ఎప్పుడు తినాలో చెప్పగలరా?
— ఒక పాఠకుడు, గుంటూరు

సమాధానం: మీరు తింటున్న పదార్థాల్లో చెడ్డది ఏదీ లేదు. వాటి వేళలు మాత్రం తారుమారయ్యాయి. నూనె ఎక్కువగా ఉన్న ఆహారం కడుపులోంచి చిన్నపేగుల్లోకి జారడానికి ఇడ్లీ, అన్నం వంటి వాటికన్నా ఎక్కువ సేపు పడుతుంది. ఏడున్నరకు దారిలో తిన్న పూరీలు, తొమ్మిదింటికి మీరు కొత్త బంతి అందుకునే వేళకు ఇంకా కడుపులోనే ఉంటాయి. పరుగు మొదలుపెట్టగానే రక్తం కాళ్ల కండరాలవైపు ఎక్కువగా మళ్లుతుంది కాబట్టి అరుగుదల మరింత మందగిస్తుంది. పెసరట్టు నూనె తక్కువ వేసి కాల్చినా, పొట్టుతో రుబ్బిన పెసలలో పీచు ఎక్కువ కనుక అదీ అంత తేలికగా కదలదు. పైగా దానిలోని అల్లం, పచ్చిమిర్చి కొందరికి గుండెల్లో మంట తెస్తాయి. మొదటి స్పెల్ ఇబ్బందికి కారణం ఇంతే. పిక్కలు పట్టడం వేరే సంగతి. అది ముందు రోజు మధ్యాహ్నం నుంచే మొదలవుతుంది కాబట్టి సమాధానాన్ని కూడా అక్కడి నుంచే మొదలుపెడతాను.

పరుగెత్తి వేగంగా బంతి వేసేటప్పుడు కండరాలు ప్రధానంగా వాడుకునేది గ్లైకోజెన్ అనే నిల్వను. మనం తిన్న పిండిపదార్థాల నుంచే శరీరం దానిని తయారుచేసి కండరాల్లో, కాలేయంలో దాచుకుంటుంది. ఇది ఒక్క పూటలో పూర్తిగా నిండదు. మ్యాచ్‌కు ముందు రోజు ప్రాక్టీసు తేలికగా ఉండి, కిలో బరువుకు 6 గ్రాముల చొప్పున పిండిపదార్థాలు తింటే 50 ఓవర్ల ఆటకు సరిపడే నిల్వ ఏర్పడుతుంది. మీ 64 కిలోలకు అది సుమారు 385 గ్రాములు. వినడానికి పెద్ద లెక్కలా ఉన్నా, మన ఇళ్లలో అన్నం తినేవారికి ఇది కష్టమేమీ కాదు. ఒక మామూలు కప్పు అన్నంలో 40 గ్రాములు, ఇంట్లో చేసిన ఒక ఇడ్లీలో దాదాపు 10 గ్రాములు, ఒక చిన్న అరటిపండులో 20 గ్రాములు ఉంటాయని అనుకుందాం. ఉదయం 5 ఇడ్లీలు, ఒక అరటిపండు. మధ్యాహ్నం 3 కప్పుల అన్నం. సాయంత్రం అటుకుల ఉప్మా గానీ రెండు అరటిపళ్లు గానీ. రాత్రి మళ్లీ 3 కప్పుల అన్నం తింటే, రోజు మొత్తం మీద తాగే పాలలోనివి, వాటిలో వేసుకునే చక్కెర, పప్పులోని పిండి కలిపి ఆ లెక్క పూర్తవుతుంది.

ఇక్కడ బిర్యానీ సంగతి చెప్పాలి. బిర్యానీలో అన్నం ఉంది కదా అని చాలామంది ఆటగాళ్లు దానిని మ్యాచ్ ముందు రాత్రి భోజనంగా ఎంచుకుంటారు. అయితే అందులోని నూనె, డాల్డా, మాంసపు కొవ్వు కలిసి కడుపును త్వరగా నింపేయడంతో అన్నం అనుకున్నంత తినలేరు. రాత్రి పదిన్నరకు తింటే నిద్ర సరిగా పట్టదు. ఉదయం ఐదున్నరకు లేచేసరికి ఆకలి ఉండదు. మీకు పొద్దున ఏమీ తినబుద్ధి కాకపోవడానికి ముఖ్యమైన కారణం ముందు రాత్రి ప్లేటేనని నా అభిప్రాయం. కాబట్టి ఆ రాత్రి 8 గంటలలోపు ఇంట్లోనే అన్నం, పలుచని కందిపప్పు, చారు, పెరుగుతో భోజనం ముగించండి. ప్రొటీన్ కోసం రెండు ఉడికించిన కోడిగుడ్లు గానీ, నూనె తక్కువ వేసి వండిన చిన్న గిన్నెడు కోడికూర గానీ చాలు. గోంగూర పచ్చడి, వేయించిన మిరపకాయలు, ఉలవచారు వంటివి ఆ ఒక్క పూట పక్కన పెట్టండి. గుంటూరువారికి ఈ మాట చెప్పడం సాహసమేనని నాకు తెలుసు. కారం అలవాటున్న కడుపుకు మామూలు రోజుల్లో ఏమీ కాకపోయినా, మ్యాచ్ ఉదయపు కంగారు తోడైనప్పుడు అదే కారం విరేచనాలకు దారితీయవచ్చు. మూలపాడు ప్రయాణంలో బస్సు మధ్యలో ఆపించుకోవలసిన అవసరం మీకు రాకూడదు. చారును ప్రత్యేకంగా చెప్పడానికి కారణం దానిలోని నీరు, ఉప్పు. ఉప్పుతో కలిసి లోపలికి వెళ్లిన నీరు వట్టి నీటికన్నా ఎక్కువ సేపు శరీరంలో నిలుస్తుంది.

ఇప్పుడు మ్యాచ్ ఉదయం. రాత్రంతా మీరు నిద్రపోతున్నా మెదడు కాలేయంలోని నిల్వనే వాడుకుంటూ ఉంటుంది కాబట్టి లేచేసరికి ఆ నిల్వ బాగా తగ్గి ఉంటుంది. టీ ఒక్కటే తాగి బయలుదేరితే ఆ లోటు తీరదు. తొమ్మిదింటి ఆటకు సరైన ఫలహారం వేళ 5:45 నుంచి 6 గంటల మధ్య, అంటే ఇల్లు కదలక ముందే. 5 ఇడ్లీలు, రెండు అరటిపళ్లు, చక్కెర వేసిన ఒక గ్లాసు టీ కలిపితే సుమారు 100 గ్రాముల పిండిపదార్థాలు వస్తాయి. మూడు గంటల ముందు తినే పూటకు, మీ బరువుకు ఇది సరిపోతుంది. ఇడ్లీలో నంజుకోవడానికి కారప్పొడి, నెయ్యి బదులు పలుచని కొబ్బరి చట్నీ కొద్దిగా వేసుకోండి, లేకపోతే చక్కెర గానీ తేనె గానీ అద్దుకోండి. అంత పొద్దున్నే 5 ఇడ్లీలు మింగుడు పడవని మీరు అనవచ్చు. మొదటి రెండు వారాలు మామూలు ప్రాక్టీసు రోజుల్లోనే రెండు ఇడ్లీలతో మొదలుపెట్టి, ఒక్కొక్కటిగా పెంచుకుంటూ వెళితే కడుపు అలవాటు పడుతుంది. అప్పటికీ ఘనాహారం పడకపోతే రెండు అరటిపళ్లు, గ్లాసు పాలు, రెండు చెంచాల తేనె కలిపి మిక్సీలో కొట్టి తాగండి. ద్రవంగా ఉన్నది కడుపులోంచి త్వరగా జారుతుంది. పాలు పడనివారు దీనిని ప్రయత్నించకూడదు. ఏదైనా సరే మొదటిసారి మ్యాచ్ రోజు తిని చూడవద్దు.

నీళ్ల విషయంలో, నిద్ర లేచిన తరువాత గంటలో 350 నుంచి 450 మిల్లీలీటర్లు తాగండి. బస్సు దిగాక మూత్రం రంగు చూడండి. అది లేత పసుపుగా ఉంటే సరిపోయినట్టే. ముదురుగా ఉన్నా, అసలు రాకపోయినా, ఏడున్నర నుంచి ఎనిమిదిన్నర మధ్య మరో గ్లాసున్నర నెమ్మదిగా తాగండి. వార్మప్ మొదలయ్యే ముందు, ఎనిమిదిన్నర ప్రాంతంలో ఒక చిన్న చక్కెరకేళి పండు తినండి. మొదటి ఓవర్ మీరే వేయాల్సి వచ్చినా అది బరువనిపించదు.

టాస్ తరువాత ఏమవుతుందో ముందే తెలియదు కాబట్టి మీ డబ్బాలో రెండు పరిస్థితులకూ పనికివచ్చే ఆహారం ఉండాలి. మన జట్లలో ఆటగాళ్లు ఎక్కువగా పొరపడేది కూడా ఇక్కడే.

మొదట మీ జట్టు ఫీల్డింగ్ చేస్తే పని సులువు. ఉదయపు ఫలహారం సరైన వేళకు తిన్నారు కాబట్టి మొదటి స్పెల్‌కు మరేమీ అవసరం లేదు. ఇన్నింగ్స్ ముగిశాక సాధారణంగా 45 నిమిషాల విరామం ఉంటుంది. మీరు తొమ్మిదో స్థానంలోనో పదో స్థానంలోనో బ్యాటింగ్‌కు వెళ్లేవారైతే ఆ విరామంలో రెండు కప్పుల అన్నం పప్పుతోనో పెరుగుతోనో హాయిగా తినవచ్చు. అదే ఓపెనర్ అయితే ఆ భోజనం తిని వెంటనే ప్యాడ్లు కట్టుకోలేడు. అతనికి అరటిపండు, కొద్దిగా పెరుగన్నం, ఒక గ్లాసు తియ్యని నిమ్మరసం చాలు.

మొదట బ్యాటింగ్ వచ్చినప్పుడే అసలు చిక్కు. మీరు మూడు గంటలకు పైగా షామియానా కింద కూర్చుని, తోచక ఎవరో తెచ్చిన బజ్జీలు, చిప్స్ తింటూ గడుపుతారు. ఆ తరువాత విరామంలో అందరితో కలిసి కడుపునిండా భోంచేస్తారు. ఆ తరువాత అరగంట కూడా గడవకముందే కొత్త బంతి మీ చేతికి వస్తుంది. మధ్యాహ్నం ఒంటిగంటన్నర ఎండలో, నిండు కడుపుతో పరుగెత్తవలసి వస్తుంది. కాబట్టి మొదట బ్యాటింగ్ వచ్చిన రోజు మీ భోజనాన్ని విరామం నుంచి వెనక్కి జరపండి. మీ జట్టు 22 నుంచి 25 ఓవర్లు ఆడేసరికి, అంటే పదకొండు గంటల ప్రాంతంలో, రెండు కప్పుల అన్నం తినేయండి. బౌలింగ్‌కు ఇంకా రెండు గంటలకు పైగా ఉంటుంది. విరామంలో అందరూ తింటున్నప్పుడు మీరు ఒక అరటిపండు తిని, 300 మిల్లీలీటర్ల పానీయం తాగి, నీడలో కాళ్లు చాపుకుని కూర్చోండి. జట్టు భోజనం ఒంటిగంటకే వస్తుంది కాబట్టి మీ డబ్బా మీరే ఇంటి నుంచి తెచ్చుకోవాలి. వికెట్లు టపటపా పడి 15వ ఓవరుకే అయిదుగురు వెనక్కి వస్తే మాత్రం, అన్నం డబ్బా తెరవకుండా అరటిపండు తిని ప్యాడ్లు కట్టుకోండి. ఔటై వచ్చాక, బౌలింగ్‌కు ఎంత సమయం ఉందో చూసుకుని తినవచ్చు.

ఆ డబ్బాలో ఏముండాలన్నది కేవలం రుచికి సంబంధించిన విషయం కాదు. వేసవిలో మన ప్రాంతంలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. వండిన అన్నం వెచ్చగా గంటల తరబడి ఉంటే దానిలో పెరిగే ఒక రకం బాక్టీరియా విషపదార్థాన్ని తయారుచేస్తుంది; ఆ విషం మళ్లీ వేడి చేసినా పోదు. తిన్న కొద్ది గంటల్లోనే వాంతులు మొదలవుతాయి. రాత్రి మిగిలిన అన్నాన్ని పొద్దున డబ్బాలో పెట్టుకుని వెళ్లడం అందుకే ప్రమాదం. ఉదయం వండిన అన్నాన్ని పళ్లెంలో పరిచి ఆరబెట్టి, చల్లని పాలు పోసి, చెంచాడు పెరుగు, ఉప్పు కలిపి డబ్బాలో పెడితే పదకొండు గంటలకు కూడా పుల్లబడకుండా కమ్మగా ఉంటుంది. ఆ డబ్బాను, రాత్రి ఫ్రీజర్‌లో గడ్డకట్టించిన నీళ్ల సీసాను ఒక గుడ్డ సంచీలో కలిపి చుట్టండి. అన్నం చల్లగా ఉంటుంది, కరిగిన నీళ్లు మీకు తాగడానికి పనికివస్తాయి. చింతపండు పులుపు వల్ల పులిహోర కొంత ఎక్కువ సేపు నిలుస్తుంది. నూనె, వేరుశనగలు తగ్గించి చేయమని ఇంట్లో అడగండి. వాసన మారినా, జిగురుగా అనిపించినా ఏదైనా సరే పారేయవలసిందే.

ఇక పిక్కల సంగతి. ఆట ఆఖరులో కండరాలు పట్టేయడానికి ఒకే కారణం ఉందని చెప్పడం కుదరదు. అలసిన కండరానికి నరాల నుంచి వచ్చే ఆదేశాలు అదుపు తప్పడం ఒక కారణం. చెమటతో నీరు, ఉప్పు ఎక్కువగా పోవడం మరొకటి. మొదటిది శిక్షణతో, నిండిన గ్లైకోజెన్‌తో తగ్గుతుంది. రెండోది మీ చేతిలో ఉంది. అయితే మీకు ఎంత చెమట పోతుందో ముందు కొలుచుకోవాలి.

దీనికి ఇంట్లో వాడే తూకం మిషన్ చాలు. వచ్చే వారం, మ్యాచ్ జరిగే వేళల్లోనే ఎండలో నెట్స్‌కు వెళ్లండి. ముందు మూత్రానికి వెళ్లి, వీలైనంత తక్కువ బట్టలతో బరువు చూసుకోండి. 64 కిలోలు ఉన్నారనుకుందాం. గంటన్నర బౌలింగ్, ఫీల్డింగ్ చేస్తూ కొలిచిన సీసాలోంచి 750 మిల్లీలీటర్లు తాగారు. తరువాత చెమట తుడుచుకుని, అవే పొడి బట్టలతో చూస్తే 63.2 కిలోలు ఉన్నారు. తగ్గిన బరువు 800 గ్రాములు, అంటే 800 మిల్లీలీటర్ల నీరు. తాగిన 750 కలిపితే గంటన్నరలో సుమారు 1,550 మిల్లీలీటర్ల చెమట పోయింది. గంటకు లీటరుకు పైమాటే. మ్యాచ్‌లో అంతసేపూ బౌలింగ్ ఉండదు కాబట్టి గంటకు 800 మిల్లీలీటర్లు అనుకున్నా, మూడున్నర గంటల ఇన్నింగ్స్‌లో 2.8 లీటర్లు పోతాయి. శరీర బరువులో 2 శాతానికి మించి నీరు తగ్గితే ఎండలో ఆట దెబ్బతినడం మొదలవుతుంది. మీకు ఆ హద్దు సుమారు 1.3 కిలోలు. 2.8లోంచి 1.3 తీసేస్తే లీటరున్నర వస్తుంది. అంటే ఇన్నింగ్స్ మొత్తంలో కనీసం లీటరున్నర, వీలైతే 2 లీటర్లు తాగాలి. ఇవి ఉదాహరణ అంకెలు మాత్రమే; మీ తూకం చూపినదే మీ లెక్క.

రెండు డ్రింక్స్ విరామాల్లో రెండు లీటర్లు గటగటా తాగితే కడుపులో నీళ్లు గలగలమంటాయి. ఫైన్ లెగ్‌లోనో థర్డ్ మ్యాన్‌లోనో నిలబడే బౌలర్‌కు బౌండరీ తాడు అవతల సీసా పెట్టుకునే వీలు ఉంటుంది. పన్నెండో ఆటగాడికి ముందే చెప్పి, ఓవర్ల మధ్య 15, 20 నిమిషాలకు ఒకసారి 150 నుంచి 200 మిల్లీలీటర్లు తాగే ఏర్పాటు చేసుకోండి. అంపైర్ అనుమతి కూడా ముందే అడగడం మర్యాద.

ఏమి తాగాలన్నది దానికన్నా ముఖ్యం. వట్టి మంచినీళ్లే లీటర్ల కొద్దీ తాగితే చెమటలో పోయిన సోడియం తిరిగి రాదు. మరీ ఎక్కువ తాగితే రక్తంలో సోడియం పలచబడి తలనొప్పి, వాంతులు, అయోమయం వస్తాయి. ఆట అయ్యాక తూచుకుంటే బరువు పెరిగి ఉండటం దానికి గుర్తు. అది తగ్గిపోవడంకన్నా ప్రమాదకరం. ఇంట్లో ఇలా కలుపుకోండి: ఒక లీటరు నీటిలో పెద్ద చెంచాతో అంచుకు సమానంగా 5 చెంచాల చక్కెర, చిన్న టీ చెంచాలో పావు వంతు ఉప్పు, ఒక నిమ్మకాయ రసం. ఇందులో సుమారు 60 గ్రాముల చక్కెర, గ్రామున్నర ఉప్పు ఉంటాయి. గంటకు అర లీటరు తాగితే 30 గ్రాముల చక్కెర అందుతుంది. ఆఖరి ఓవర్లకు కాళ్లకు కావలసినది అదే. ఆట అయ్యాక టోపీ మీద, చొక్కా మీద తెల్లటి ఉప్పు చారలు కనిపించేవారూ, చెమట కంట్లో పడితే బాగా మండేవారూ ఉప్పును పావు నుంచి అర చెంచాకు కొద్దిగా తక్కువ వరకు పెంచవచ్చు. రక్తపోటు గానీ మూత్రపిండాల జబ్బు గానీ ఉన్నవారు మాత్రం వైద్యుణ్ణి అడగకుండా ఉప్పు పెంచకూడదు. చక్కెర ఇంకా ఎక్కువ వేస్తే తియ్యగా ఉంటుంది కానీ కడుపులోంచి కదలడం ఆలస్యమవుతుంది.

మందుల షాపులో దొరికే లీటరు ఓఆర్ఎస్ పొట్లం విరేచనాలకు తయారైనది. దానిలో సోడియం ఎక్కువ, చక్కెర 13.5 గ్రాములే. ఉప్పు బాగా కోల్పోయేవారికి ఆట అయ్యాక పనికివస్తుంది. ఆటలో శక్తికి చాలదు. కొబ్బరి నీళ్లలో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ. చెమటలో ప్రధానంగా పోయేది సోడియమే కాబట్టి, ఒక్క కొబ్బరిబోండాంతో పిక్కలు సర్దుకుంటాయని ఆశించవద్దు. అరటిపండు తింటే పిక్కలు పట్టవన్న నమ్మకం కూడా అటువంటిదే. అరటిపండు తినవలసింది దానిలోని పిండిపదార్థం కోసం. ఉప్పు వేసిన పలుచని మజ్జిగ ఆటగాళ్లకు చాలా మంచిదే కానీ పరుగెత్తే ముందు కాదు, విరామంలోనో ఆట అయ్యాకో తాగాలి.

అయినా పట్టేస్తే ఆ క్షణంలో ఏ పానీయమూ వెంటనే పనిచేయదు. కూర్చుని మోకాలు చాచి, పాదం వేళ్లను నెమ్మదిగా మీవైపు లాగి, పట్టు వదిలేదాకా ఉంచండి. ఆ ఓవర్ మరొకరికి ఇచ్చి, ఉప్పు కలిపిన పానీయం తాగండి. పిక్కతో పాటు తొడలు, పొట్ట కండరాలు కూడా పట్టేస్తున్నా, తల తిరుగుతున్నా, మాట తడబడుతున్నా అది మామూలు పట్టు కాదు, వడదెబ్బ కావచ్చు. అటువంటప్పుడు తాగించే ప్రయత్నాలతో కాలం గడపకుండా, నీడలోకి చేర్చి ఒళ్లంతా చల్లని నీళ్లతో తడుపుతూ 108కు ఫోన్ చేయాలి.

రెండో రోజు కాళ్లు కదలకపోవడానికి కారణాన్ని మీ తిరుగు ప్రయాణంలో వెతకండి. ఆట సాయంత్రం ఐదింటికి అయిపోతుంది. సామాను సర్దుకుని, మాట్లాడుకుని, విజయవాడ రద్దీ దాటి గుంటూరు చేరి, స్నానం చేసి భోజనానికి కూర్చునేసరికి ఎనిమిదిన్నర అవుతుంది. ఖాళీ అయిన కండరాలు గ్లైకోజెన్‌ను అతి వేగంగా నింపుకునేది ఆట ముగిసిన మొదటి కొద్ది గంటల్లోనే. ఆ గంటలన్నీ బస్సులో ఖాళీ కడుపుతో పోతున్నాయి. మరుసటి రోజు మ్యాచ్ లేకపోతే దీనితో పెద్ద నష్టం లేదు, ఎందుకంటే మామూలు భోజనాలతోనే ఒక రోజులో నిల్వ నిండుతుంది. మ్యాచ్ ఉంటే మాత్రం మొదటి గంటలోనే కిలోకు 1 గ్రాము చొప్పున, అంటే 65 గ్రాముల పిండిపదార్థాలు, దానితో 20 గ్రాముల ప్రొటీన్ పడాలి. పొద్దున ఉడికించిన గుడ్లు సాయంత్రానికి ఆ ఎండలో నమ్మదగినవి కావు. దుకాణంలో చల్లటి అర లీటరు పాలు కొనండి. అందులో 16 గ్రాముల ప్రొటీన్, 24 గ్రాముల పిండిపదార్థాలు ఉంటాయి. దానితో రెండు అరటిపళ్లు, గుప్పెడు వేయించిన శనగలు తింటే రెండు లెక్కలూ పూర్తవుతాయి. వీటికి వంద రూపాయలు కూడా కావు. ప్రొటీన్ పొడుల డబ్బాల కోసం డబ్బు ఖర్చు పెట్టనవసరం లేదు. కొన్ని పొడుల్లో లేబుల్ మీద రాయని పదార్థాలు కలిసి ఉండే ప్రమాదం ఉంది, డోప్ పరీక్షలో దొరికితే తెలియక తిన్నానన్న మాట చెల్లదు.

బయలుదేరే ముందు మరోసారి తూచుకుంటే ఎంత నీరు బాకీ ఉన్నారో తెలుస్తుంది. 1.3 కిలోలు తగ్గి ఉంటే, మూత్రంలో పోయేది కూడా లెక్కవేసి దానికి ఒకటింపావు నుంచి ఒకటిన్నర రెట్లు, అంటే 1.6 నుంచి 2 లీటర్ల వరకు పడుకునేలోగా కొంచెం కొంచెంగా తాగాలి. ఇందులో ఉప్పు మజ్జిగ, రాత్రి చారు కూడా లెక్కలోకి వస్తాయి. రాత్రి భోజనానికి మళ్లీ 3 కప్పుల అన్నం, పప్పు, పెరుగు. దానితో మూడు గుడ్లు గానీ కోడికూర గానీ చేపల పులుసు గానీ తినండి. శాకాహారులు పప్పు, పెరుగు రెట్టింపు చేసి, పడుకునే ముందు గ్లాసు పాలు తాగాలి. ఈ పూట కొంచెం కారం తిన్నా, ఆవకాయ నంజుకున్నా ఇబ్బంది లేదు. స్నేహితులతో బిర్యానీకి వెళ్లవలసింది కూడా ఇప్పుడే, అయితే రెండో రోజు మ్యాచ్ లేకపోతేనే.

రెండో రోజు ఉదయం లేవగానే, ఇడ్లీలకు కూర్చోక ముందు, తూకం చూసుకోండి. 63.4 కిలోలకన్నా తక్కువగా ఉండి, మూత్రం కూడా ముదురుగా ఉంటే నిన్నటి నీటి బాకీ తీరలేదన్నమాట. ఆ రోజు 6:30 లోగా అర లీటరు ఉప్పు-చక్కెర నీళ్లు తాగి బయలుదేరండి. టాస్‌కు ముందే కెప్టెన్‌కు విషయం చెప్పి, మీ మొదటి స్పెల్‌ను 6 ఓవర్ల బదులు 4 ఓవర్లకు ఆపమనండి.